నాలుగు నెలల ముందు తీసిన పీఎఫ్

కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉంది. దాని టైమాఫీసులో నేను క్లర్కును. బొగ్గు మీది మట్టిని తవ్వి పక్కన గుట్టలుగా పోయడం కంపెనీ పని. ఆ మట్టి మోసే డంపర్ డ్రైవర్ల హాజరు, జీతం, పీఎఫ్ కాగితాలు చూడడం నా పని. గోదావరిఖని నుంచి రోజూ షేర్ ఆటోలో వెళ్లి వస్తాను. బొగ్గు గనిలో పర్మినెంటు ఉద్యోగులకు వాళ్ల పీఎఫ్ వేరే ఉంది. మాలాంటి కాంట్రాక్టు జనానికి దేశమంతటా ఉన్న మామూలు ఉద్యోగుల పీఎఫ్, అంటే ఈపీఎఫ్.

తొమ్మిదేళ్లలో ఎంతమందికి ఆ కాగితాలు నింపానో లెక్క లేదు. డ్రైవర్లు నా మాట వింటారు. ఒక డ్రైవరు వేరే కాంట్రాక్టరు దగ్గరికి పోతూ నా కిటికీ ముందు నిలబడి, "అక్కా, నా పీఎఫ్ మొత్తం తీసియ్యి, ఇంటికి రంగులేయించుకుంట" అన్నాడు. నేను అతని సర్వీసు చూశాను. అయిదేళ్లకు ఇంకా కొన్ని నెలలు తక్కువ.

"తియ్యకు అన్నా. కొత్త కంపెనీ ఖాతాలకు బదిలీ పెట్టుకో. గీ సర్వీసు ఆ సర్వీసుల కలుస్తది. అయిదేండ్లు దాటినంక తీస్తే పన్ను లేదు, ముందు తీస్తే పన్ను లెక్కకొస్తది. పదేండ్లయితే పెన్షన్‌కు హక్కొస్తది. రంగులు వచ్చే ఏడు ఏయించుకో."

అతను తల గోక్కొని, పీఎఫ్ నంబర్ చెప్పి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి, బదిలీ పెట్టించుకుని పోయాడు. అయిదు నిమిషాల పని. ఎదురు ప్రశ్న ఒక్కటి వేయలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇదే మాట నేను ఆ ఏడాదే ఇంకొకతనికి మూడు నెలల పాటు చెప్పాను. ఆయన నా భర్త. టైమాఫీసు కిటికీ వెనక కూర్చుంటే నేను మేడమ్‌ను. అదే మాట వంటింట్లోంచి చెబితే గిన్నెల చప్పుడుతో సమానం.

ఆయన బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ సూపర్‌వైజరు. అప్పటికి నలభై మూడేళ్లు. నాలుగు సంవత్సరాల ఎనిమిది నెలల సర్వీసు. అదే ఫ్యాక్టరీలో లోడింగ్ చూసే ఇంకో కాంట్రాక్టరు పిలిచి, నెలకు ఇరవై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. ఉన్న జీతం కంటే రెండు వేలు ఎక్కువ. మే నెలాఖరున రాజీనామా ఇచ్చాడు. జూన్ ఒకటిన కొత్త పనిలో చేరాలి. గేటు అదే, టీ కొట్టు అదే, దుమ్ము అదే.

అప్పుడు మా ఆడబిడ్డ భర్త రంగంలోకి దిగాడు.

ఆయన బొగ్గు కంపెనీలో పెద్ద గుమాస్తాగా చేసి రిటైర్ అయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఎన్‌టీపీసీ వైపు రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పదిహేనేళ్లు పోస్టాఫీసులో పీపీఎఫ్ కట్టాడట, ఎవరి డబ్బు వాళ్లే వేసుకునే సర్కారు పొదుపు ఖాతా అది. గడువు తీరి డబ్బు మొత్తం పన్ను లేకుండా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆయన దగ్గర ఎవరైనా దగ్గినా పీపీఎఫ్ కట్టమనేవాడు.

ఒక ఆదివారం మా ఇంట్లో మటన్ తింటూ నా భర్తతో అన్నాడు: "బామ్మర్దీ, నీ ఈపీఎఫ్ మొత్తం గుంజెయ్యి. పీపీఎఫ్‌ల ఎయ్యి. గది సర్కారుది. వేస్తే పన్ను లేదు, వడ్డీకి పన్ను లేదు, తీస్తే పన్ను లేదు. మీ కాంట్రాక్టరు పీఎఫ్‌కు ఏం భరోసా ఉన్నది?"

"అన్నా, ఈపీఎఫ్ కాంట్రాక్టరు జేబుల ఉండదు. అది గూడ సర్కారు సంస్థనే చూస్తది" అన్నాను నేను, కూర వడ్డిస్తూ.

"నీకు తెల్వది చెల్లె. నేను ముప్పై నాలుగేండ్లు ఫైళ్లు చూసిన."

ఆ ఫైళ్లు బూట్లు, హెల్మెట్లు ఇచ్చే స్టోరువి. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు. ఆయన చెప్పిన మూడు ముక్కలూ నిజమే. అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన జీతానికి ఏటా పన్ను పడేది. పీపీఎఫ్‌లో వేసిన డబ్బు చూపిస్తే ఆ పన్ను తగ్గేది. నా భర్త జన్మలో ఒక్క రూపాయి ఆదాయపు పన్ను కట్టినవాడు కాదు. ఆయన జీతం పన్ను మొదలయ్యే గీత కిందనే ఉండేది. పన్నే లేని మనిషికి పన్ను మినహాయింపు మీద అంత మోజు ఎందుకో నాకు ఈ రోజుకూ అర్థం కాదు. బట్టతల మనిషి దువ్వెన బేరం చేసినట్టు.

ఆ రాత్రి నేను నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "చూడు. ఈపీఎఫ్‌కు నీ జీతంల పన్నెండు శాతం కోస్తరు. అంతే మొత్తం కంపెనీ ఇస్తది. అండ్ల కొంత పెన్షన్‌కు పోతది, మిగిలింది నీ ఖాతాకే వస్తది. పీపీఎఫ్‌ల నీకు ఎవ్వరియ్యరు, నువ్వే ఏసుకోవాలె. వడ్డీ జూస్తే ఈపీఎఫ్‌కు ఎనిమిది పైన, పీపీఎఫ్‌కు ఏడు చిల్లర. నువ్వు బదిలీ పెట్టుకుంటే ఇంకొక్క నాలుగు నెలలల్ల అయిదేండ్లు నిండుతయి. ఇగ దానికి గూడ పన్ను లేదు."

ఆయన నోటుపుస్తకం వైపు చూడలేదు. "బావ అంత పెద్దమనిషి ఊకె చెప్తడా?"

"ఉద్యోగంల ఉంటే పీఎఫ్ మొత్తం తియ్యనియ్యరు" అన్నాను. అది బెదిరింపుగా పని చేస్తుందనుకున్నాను. అప్పటి నిబంధన ప్రకారం పని మానేసి రెండు నెలలు ఖాళీగా ఉంటేనే మొత్తం డబ్బు తీసుకోవచ్చు. నేను చేసిన తప్పు అది చెప్పడమే.

మరునాడు ఆయన కొత్త కాంట్రాక్టరు మేనేజరు దగ్గరికి పోయి, ఇంట్లో కొన్ని పనులున్నాయని, సెప్టెంబరు ఒకటిన చేరతానని చెప్పి వచ్చాడు. ఆ మేనేజరు మంచివాడు, సరేనన్నాడు. ఆ మంచితనానికి మా మూడు నెలల జీతం ఖర్చయింది. ఎనభై నాలుగు వేలు.

జూన్, జూలై, ఆగస్టు ఆయన ఇంట్లో ఉన్నాడు. రెండు నెలలు ఖాళీగా ఉండడం కోసం కావాలని పని మానేసిన మనిషి నడక వేరేగా ఉంటుంది. పొద్దున తొమ్మిదికి లేచేవాడు. లుంగీ కట్టుకుని పేపరు చదివేవాడు. చౌరస్తా దాకా పోయి వచ్చేవాడు. పక్కింటివాళ్లు అడిగితే, "పీఎఫ్ ప్రాసెస్‌ల ఉన్నది" అనేవాడు, కోర్టులో పెద్ద కేసేదో నడుస్తున్నట్టు. నేను ఏడింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటో ఎక్కేదాన్ని. ఆ మూడు నెలలు ఇంట్లోకి వచ్చింది నా జీతం ఒక్కటే. ఆ కోపానికి పప్పులో చింతపండు కొంచెం ఎక్కువే వేశాను. ఆయన గమనించలేదు.

రెండు నెలలు నిండగానే చౌరస్తాలోని ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. పెళ్లాం రోజూ చేసే పనికి అయిదు వందలిచ్చి బయటివాడితో చేయించాడు. వారంలో దరఖాస్తు తిరిగి వచ్చింది. బ్యాంకు పాస్‌బుక్కు ఫొటో మసకగా ఉందట. అప్పుడు ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"జర నువ్వు జూడరాదూ?"

నేను ఆ రోజు నిరాకరించి ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఎవరో చేసిన తప్పు దరఖాస్తు చూస్తే నా చెయ్యి ఆగదు. అది నా వృత్తి జబ్బు. పాస్‌బుక్కు శుభ్రంగా ఫొటో తీశాను. పీఎఫ్ మొత్తానికి ఒక దరఖాస్తు, పెన్షన్ వాటా వాపసుకు ఇంకొకటి పెట్టాను.

"పెన్షన్ వాటా తియ్యకు. అదన్న ఉంచు. దానికి సర్టిఫికెట్ తీసుకుంటే సర్వీసు బతికుంటది" అన్నాను.

"రెండూ తీసెయ్యి. లెక్క సాఫ్ ఉండాలె."

ఆయన ఓటీపీ చదివాడు. బటన్ నొక్కింది నేనే. నా భర్తను తిట్టుకున్నప్పుడల్లా ఆ వేలు కూడా గుర్తుకు వస్తుంది. అన్ని సంవత్సరాల పెన్షన్ సర్వీసు ఆ వేలితోనే చెరిగిపోయింది. రిటైరయ్యాక వచ్చే పెన్షన్‌లో నెలకు సుమారు వెయ్యి రూపాయలు తగ్గుతాయి. వెయ్యి పెద్ద మొత్తమేమీ కాదు. బతికినంత కాలం ప్రతి నెలా, అంతే. ఆయన తర్వాత నాకు వచ్చేది అందులో సగం. ఆ రకంగా నేను నా వైధవ్యంలోంచి కూడా కొంత కోసి ఇచ్చాను.

ఆగస్టు చివర డబ్బు పడింది. పీఎఫ్ రెండు లక్షల అరవై తొమ్మిది వేల చిల్లర ఉండాలి. ఖాతాలోకి రెండు లక్షల నలభై రెండు వేలు వచ్చాయి.

"ఇరవై ఏడు వేలు ఎవడు తిన్నడు?" అన్నాడు.

"ఎవ్వడు తినలే. అయిదేండ్లు నిండకముందు యాభై వేలు దాటి తీస్తే పది శాతం పన్ను కింద పట్టుకుంటరు. పాన్ కార్డు జత లేకుంటే ఇంకెక్కువ పోయేది."

"పన్నొద్దనే కద నేను తీసింది."

తర్వాతి జూలైలో నేను రిటర్ను వేస్తే ఆ ఇరవై ఏడు వేలు తిరిగి వచ్చాయి. ఆ ఏడాది ఆదాయం అంతా కలిపినా ఆయనకు పన్ను పడలేదు మరి. అంటే ఆయన పారిపోయింది లేని పులికి భయపడి. పారిపోతూ జీతం, వడ్డీ, సర్వీసు దారిలో పారేసుకున్నాడు.

ఇక పీపీఎఫ్. సెప్టెంబరు అయిదున పోస్టాఫీసుకు పోదామన్నాను. ఆ రోజు అమావాస్య, మంచిది కాదన్నాడు. ఆరో తారీఖున పోయాం. నేను పూట సెలవు పెట్టాను. కౌంటర్‌లో ఒక నడివయసు ఆవిడ ఉంది. ఈయన రెండు లక్షల నలభై రెండు వేలకూ చెక్కు రాసి తెచ్చాడు.

"ఏడాదికి లక్షన్నరే పడ్తది సార్" అన్నది ఆమె.

"నా పైసలు నేను ఏస్తనంటే వద్దంటరా?"

"లక్షన్నర మీద వేస్తే దానికి వడ్డీ రాదు, వాపస్ ఇస్తరు. మిగిలింది వచ్చే ఏప్రిల్ తర్వాత వేసుకోండి." చెక్కు తేదీ చూసి మళ్లీ అన్నది: "నిన్న వచ్చి కడితే ఈ నెల వడ్డీ గూడ వచ్చేది. అయిదో తారీఖు దాటితే వచ్చే నెల నుంచే లెక్క."

"నిన్న అమావాస్య."

"వడ్డీకి అమావాస్య ఉండదు సార్" అన్నది ఆమె, తల ఎత్తకుండానే.

నాకు ఆమెను టీకి పిలవాలనిపించింది. కొత్త చెక్కు రాసి లక్షన్నర కట్టాం. పదిహేనేళ్ల గడువు అని ఆమె చెప్పింది. కట్టిన సంవత్సరం పూర్తయ్యాక మొదలవుతుంది. ఆయనకు యాభై తొమ్మిది వస్తుంది అప్పటికి. నడుమ తీయాలంటే ఏడో ఆర్థిక సంవత్సరం నుంచే, అదీ కొంత. ఆయన అన్నింటికీ తల ఊపాడు. బయటికి వచ్చాక, "సర్కారు పని అంటె గిట్ల పక్కాగ ఉంటది" అన్నాడు.

ఏప్రిల్‌లో వేద్దామనుకున్న మిగతా డబ్బు ఏప్రిల్ దాకా ఆగలేదు. కొంత మూడు నెలల ఇంటి బాకీలకు పోయింది. దానికి పెన్షన్ వాటా కలిపి సెకండ్ హ్యాండులో ఒక పెద్ద మోటారు సైకిలు కొన్నాడు. మూడు వీధుల అవతల నుంచే వినబడుతుంది. రిటైర్మెంట్ పొదుపు అంత చప్పుడు చేయగా నేను ఎప్పుడూ వినలేదు. మరుసటి ఏడాది ఆయన పీపీఎఫ్ సంగతే మరిచిపోయాడు. ఏడాదికి కనీసం అయిదు వందలైనా కట్టకపోతే ఖాతా మూగబోతుంది, అప్పుడు అప్పు కూడా పుట్టదు. మార్చి చివర నేను పోయి కట్టి వచ్చాను.

ఆ తర్వాతి జనవరిలో మా అమ్మాయికి కరీంనగర్‌లో నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు కలిపి లక్షా ఇరవై వేలు పది రోజుల్లో కట్టాలి. తనకు ఇంజెక్షన్ అంటే భయం. ఇంకొకరికి ఇవ్వడానికి మాత్రం భయం లేదన్నది. పిల్ల ఎంతో సంతోషంగా ఉంది. ఆయన కూడా. రాత్రి భోజనం దగ్గర నిమ్మళంగా అన్నాడు: "ఫికర్ లేదు. పీఎఫ్ ఉన్నది కద, చదువుకు తీసుకోవచ్చునంట."

నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"తీసుకోవచ్చు. పిల్లల పై చదువులకు నీ వాటాల సగం ఇస్తరు. ఏడేండ్ల సర్వీసు ఉండాలె."

"నాకు ఉన్నది కద. నాలుగేండ్ల ఎనిమిది నెలలు, ఇప్పుడు రెండేండ్ల అయిదు నెలలు." వేళ్ల మీద లెక్క పెట్టాడు. "ఏడేండ్లు దాటింది."

"బదిలీ పెట్టుకుంటే దాటేది. నువ్వు మొత్తం తీసినవ్. ఇప్పుడు నీది రెండేండ్ల అయిదు నెలలే."

ఆయన వేళ్లు అలాగే ఆగిపోయాయి. ఇన్నాళ్లూ నేను ఈ క్షణం కోసమే ఎదురు చూశాను. వస్తే ఎంత బాగుంటుందో ఊహించుకున్నాను కూడా. వచ్చాక ఏమీ బాగా లేదు. ఎదురుగా పిల్ల అన్నం కలుపుతూ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"పీపీఎఫ్ ఉన్నది కద" అన్నాడు.

"చదువుకని గడువు ముందు మూసేయాలన్నా అయిదేండ్లు కావాలె. అప్పు మాత్రం ఇస్తరు. మూడో ఏడు నడుస్తున్నది కాబట్టి."

"ఎంత?"

"మొదటి ఏడాది చివర ఉన్న దాంట్ల పావు వంతు."

పోస్టాఫీసులో అదే ఆవిడ లెక్క కట్టి ఇచ్చింది. ముప్పై ఎనిమిది వేల ఎనిమిది వందల చిల్లర. ఒక్క శాతం వడ్డీ, మూడేళ్లలో తీర్చాలి. ఆయన ఆ కాగితం తీసుకుని బావ ఇంటికి పోయాడు. నేనూ వెంట పోయాను, చూడాలని.

బావ సోఫాలో కూర్చుని విన్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పీపీఎఫ్‌ల నడుమ చెయ్యి పెట్టొద్దు బామ్మర్దీ. అది ముసలితనానికి" అన్నాడు.

"మరి పిల్ల ఫీజు?" అన్నాడు నా భర్త.

"గదే చెప్పేది. ఈపీఎఫ్ ఉంచుకోవాల్సింది."

మా ఆడబిడ్డ టీ తెచ్చింది. నా భర్త టీ తాగకుండా లేచాడు. ఆయన బావ మాటకు తల ఊపకుండా, టీ కూడా తాగకుండా లేచి రావడం మా పెళ్లయిన తర్వాత అదే మొదటిసారి. బండి మీద వెనక కూర్చున్న నాకు ఆయన వీపు ఒక్కటే కనబడింది. ఆ రోజు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకే సీటు మీద సర్దుకుని కూర్చున్నాయి.

చివరికి ఫీజు నా పీఎఫ్ నుంచి వెళ్లింది. నాకు తొమ్మిదేళ్లు నిండాయి, నా వాటాలో సగం తీసుకునే హక్కు ఉంది. కానీ ముందు ఆయన పీపీఎఫ్ అప్పు ముప్పై ఎనిమిది వేలూ తెమ్మన్నాను. ఆయన తెచ్చాడు. మిగతా ఎనభై ఒక్క వేల చిల్లరకు నేను దరఖాస్తు పెట్టుకున్నాను. నా కిటికీ వెనక కూర్చుని, నా ఓటీపీ నేనే చదువుకుని, నా బటన్ నేనే నొక్కుకున్నాను. ఈపీఎఫ్ నుంచి అలా తీసింది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదు కాబట్టే భయం. నా ముసలితనంలోంచి అంత ముక్క పోయింది, అంతే. పిల్ల చదువు కోసం పోయింది కాబట్టి బాధపడలేదు. ఆ మోటారు సైకిలు వీధి మలుపు తిరిగినప్పుడు మాత్రం కొంచెం బాధపడతాను.

నెల తర్వాత ఒక సాయంత్రం ఆయన నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. "జీతంల ఇంకెక్కువ కోయించుకోవచ్చునంట కద, పీఎఫ్‌కు. మన ఇష్టంతోని."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నువ్వు మీ డ్రైవర్లకు ఫోన్‌ల చెప్తుంటె విన్న."

నెలకు ఇంకో వెయ్యి కోయమని కంపెనీకి రాసిచ్చాడు. పీపీఎఫ్ అప్పు నెలనెలా తీరుస్తున్నాడు. ఆ ఖాతాను మూసేద్దామని ఆయనంటే నేనే వద్దన్నాను. పీపీఎఫ్ తప్పేమీ చేయలేదు. జీతమిచ్చే యజమాని లేని మనిషికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మా వీధిలో బట్టలు కుట్టే ఆమెతో నేనే ఖాతా తెరిపించాను. ఆమెను తీసుకుపోయింది మాత్రం నెల మొదటి తారీఖున.

తర్వాత కొంతకాలానికి ఈపీఎఫ్ నిబంధనలు మారుస్తున్నట్టు ప్రకటించారు. నడుమ కొంత తీసుకోవడానికి ఏడాది సర్వీసు చాలునట, పావు వంతు మాత్రం ఖాతాలో ఉంచాలట. పని పోయినవాళ్లు మొత్తం తీయాలంటే రెండు నెలలు కాదు, పన్నెండు నెలలు ఆగాలట. నా భర్త ఆ వార్త ఫోన్‌లో చూసి నాకు చదివి వినిపించాడు.

"జూసినవా? ఏడాది సర్వీసు చాలునట. జర ఆగితే మన పని అయిపోయేది" అన్నాడు.

"కాలేజీ వాళ్లు ఆగుతరా?"

ఆయన ఇంకో వాక్యం తనలో తనే చదువుకుని, "పన్నెండు నెలలు ఖాళీగుండాల్నంటే కష్టమే" అన్నాడు. లుంగీ కట్టుకుని పేపరు చదివిన ఆ మూడు నెలలు గుర్తొచ్చాయేమో, ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం విచారం వినబడింది. నేను లేచి వంటింట్లోకి పోయాను.